సంచి ముందు పేరు, సంచి వెనక పేరు: రైతు కంపెనీ బియ్యానికీ పప్పుకీ పేరు పెట్టడం ఎలా

హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింద మేం బియ్యం స్టాల్ పెట్టినప్పుడు ఒక పెద్దావిడ ఐదు కిలోల సంచి చేతిలోకి తీసుకుని, ముందు వైపు రెండు క్షణాలు కూడా చూడలేదు. వెంటనే వెనక్కి తిప్పి, కళ్లజోడు సర్దుకుని, సన్న అక్షరాలు చదవడం మొదలుపెట్టింది. "మీరు రైతులమంటున్నారు, ఇక్కడేమో ఏదో మిల్లు పేరుంది?" అని అడిగింది. మా దగ్గర జవాబు ఉంది కానీ, చెప్పేలోపే ఆవిడ సంచి కింద పెట్టేసింది.

రైతు ఉత్పత్తిదారుల కంపెనీకి పేరు పెట్టే పని అక్కడి నుంచే మొదలవుతుంది. మీకు కావాల్సినవి రెండు పేర్లు. సంచి ముందు పెద్దగా కనిపించే బ్రాండ్ పేరు ఒకటి. వెనక చట్టం ప్రకారం రాయాల్సిన కంపెనీ పూర్తి పేరు రెండోది. ముందు పేరు చెప్పినదాన్ని వెనక పేరు బలపరచాలి. ప్యాకింగ్ చేసిన సరుకు మీద తయారీదారు లేదా ప్యాకర్ పేరు, చిరునామా, ఫిర్యాదుకు ఫోన్ నంబర్ ఉండి తీరాలి కాబట్టి వెనక పేరును దాచడం కుదరదు. దాన్నే మీ బలంగా మార్చుకోండి.

ఈ పని మొత్తాన్నీ ఒక ఉదాహరణతో చూద్దాం. కృష్ణా నది సముద్రంలో కలిసే చోట, అవనిగడ్డ చుట్టుపక్కల దివిసీమ రైతులు ఒక కంపెనీ పెట్టబోతున్నారనుకోండి. సార్వాలో సాంబ మసూరి, అంటే బీపీటీ 5204. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు ఆ తడి చేలోనే మినుములు చల్లుతారు, అవి ఫిబ్రవరి, మార్చి నెలల్లో చేతికొస్తాయి. అమ్మదలచుకున్నది బియ్యం, మినప్పప్పు, మినప గుళ్లు. కొనేవాళ్లు విజయవాడ, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఉన్నారు.

మొదట: కొనేవాళ్ల అనుమానాలు రాసుకోండి

పేర్ల జాబితా కంటే ముందు ఇది చేయండి. పట్నంలో ఉన్న మీ బంధువులకు పదిమందికి ఫోన్ చేసి, "బయట బియ్యం కొనేటప్పుడు మీకు దేని మీద అనుమానం?" అని అడగండి. వచ్చే జవాబులు దాదాపు ఒకేలా ఉంటాయి. పాత బియ్యమని చెప్పి కొత్తవి అంటగడతారని. రేషన్ బియ్యాన్ని పాలిష్ పట్టి కలుపుతారని. పప్పుకు రంగో నూనో పూస్తారని. కిందటి నెల సంచి బాగుంది, ఈ నెల సంచి వేరేగా ఉందని.

ఈ అనుమానాల్లో ఒక్కటి కూడా "స్వచ్ఛమైనది", "నాణ్యమైనది" అన్న మాటతో తీరదు. కల్తీ చేసేవాడు కూడా ఆ మాటలే రాస్తాడని కొనేవాళ్లకు తెలుసు. వాళ్లకు కావాల్సింది, ఇది ఏ ఊరి నుంచి వచ్చింది, ఎవరు సంచిలో నింపారు, తేడా వస్తే ఎవరిని అడగాలి అన్నవి. పేరు ఈ మూడింటికి దారి చూపిస్తే చాలు. అన్నీ పేరే చెప్పనక్కర్లేదు.

జాబితాలో పెట్టకూడని పేర్లు

ప్యూర్, నేచురల్, ఫ్రెష్, ఒరిజినల్, ట్రెడిషనల్ లాంటి విశేషణాలను బ్రాండ్ పేరులో పెట్టకండి. ఆహార పదార్థాల ప్రకటనలకు సంబంధించి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో తెచ్చిన నిబంధనల్లో దీనికి ఒక మెలిక ఉంది. అలాంటి మాట ఉన్న బ్రాండ్ పేరు కొనేవాళ్లను తప్పుదారి పట్టించేలా ఉంటే, "ఇది కేవలం బ్రాండ్ పేరు మాత్రమే, సరుకు అసలు స్వభావాన్ని సూచించదు" అనే అర్థం వచ్చే ఇంగ్లీష్ వాక్యాన్ని కనీసం 3 మిల్లీమీటర్ల అక్షరాలతో లేబుల్ మీద అచ్చు వేయాలి. ముందు "ప్యూర్" అని రాసి, పక్కనే "అది నిజమని కాదు" అని మనమే రాసుకోవాల్సి వస్తుందన్నమాట. ఆ పెద్దావిడ లాంటివాళ్లు చదివేది సరిగ్గా ఆ వాక్యాన్నే.

ఆర్గానిక్ అన్న మాట ఇంకా జాగ్రత్తగా వాడాలి. దానికి ఎన్‌పీఓపీ లేదా పీజీఎస్-ఇండియా ధ్రువీకరణ ఉండాలి. ఇవాళ మీ సభ్యుల్లో ముప్పై మందికి ఆ ధ్రువీకరణ ఉందని కంపెనీ పేరులోనే ఆ మాట పెట్టేస్తే, రేపు మిగతా మూడు వందల మంది పంటను ఏ పేరుతో అమ్ముతారు? ధ్రువీకరణ ఉన్న సరుకు మీద దాని ముద్ర వేయండి, పేరు జోలికి పోవద్దు.

దేవుడి పేర్ల గురించి చెబితే మీటింగులో కొందరికి కోపం వస్తుంది. అయినా చెబుతాను. ఖాళీ అయిన సంచి చివరకు చెత్తబుట్టలోకో, కాళ్ల కిందకో పోతుంది. దాని మీద లక్ష్మీదేవి పేరో బొమ్మో ఉంటే పారేయడానికి చాలామందికి మనసొప్పదు. పైగా శ్రీ లక్ష్మి, శ్రీ వెంకటేశ్వర అన్న పేర్లతో ప్రతి టౌన్‌లోనూ మిల్లులున్నాయి కాబట్టి, మీది రైతుల సంచి అని తెలిసే వీలే ఉండదు. ఇక కులం పేరు, నాయకుడి పేరు ఎందుకు వద్దో వేరే చెప్పక్కర్లేదు.

వరి రకం పేరును కూడా బ్రాండ్‌గా పెట్టకండి. సోనా, మసూరి, బీపీటీ అన్నవి సరుకు పేర్లు, అవి ఎవరి సొంతమూ కావు. పైగా "ఫలానా సోనా" అని పెట్టుకున్న బ్రాండ్ కింద రేపు మినప్పప్పు అమ్మితే ఎబ్బెట్టుగా ఉంటుంది. రకం పేరుకు సంచి మీద వేరే చోటు ఉంది, అది తర్వాత చెబుతాను.

ఊరి పేరు సంగతి కొంచెం వేరు. ట్రేడ్‌మార్క్ చట్టం (1999) తొమ్మిదో సెక్షన్ ప్రకారం, సరుకు రకాన్ని, నాణ్యతను, పరిమాణాన్ని, పుట్టిన చోటును మాత్రమే చెప్పే పేరును ఒకరి సొంత మార్కుగా నమోదు చేయడం కష్టం. "దివిసీమ" అన్న ఒక్క మాటతో వెళితే ఈ అభ్యంతరం వస్తుంది, రేపు పక్క ఊరి వ్యాపారి కూడా ఆ మాట వాడుకోగలడు. పైగా అరవై దాటినవాళ్లకు దివిసీమ అనగానే 1977 నవంబరు ఉప్పెనే ముందు గుర్తొస్తుంది, బియ్యం తర్వాతే. అందుకే ఊరి పేరును వదులుకోకుండా బ్రాండ్ పేరు కింద రెండో వరుసలో పెట్టాలి.

మీ ప్రాంతం పంటకు భౌగోళిక గుర్తింపు ఉంటే లెక్క మారుతుంది. తాండూరు కందికి 2022లో ఆ గుర్తింపు వచ్చింది. తాండూరు చుట్టుపక్కల కంపెనీలు ముందుగా అధీకృత వినియోగదారుగా నమోదై, సొంత బ్రాండ్ పేరు పక్కన ఆ గుర్తింపును చూపించుకోవచ్చు. ఆ ప్రాంతం కంది కాని పప్పు మీద ఆ పేరు రాస్తే మాత్రం కేసవుతుంది.

ఆరు పేర్లు తీసుకుని వడపోయండి

మంచి పేర్లు ఎక్కడ దొరుకుతాయి? యాడ్ ఏజెన్సీ దగ్గరకు పోయే ముందు మీ సంఘంలో డెబ్బై దాటిన ఇద్దరు రైతులను కూర్చోబెట్టి, పంట కోత నుంచి ఇంటికి చేరే దాకా వాడే మాటలన్నీ చెప్పించండి. ఓ గంటలో నలభై మాటలొస్తాయి. పట్నంలో పెరిగిన తెలుగువాళ్లు వాటిని అమ్మమ్మ నోట విని ఉంటారు, అర్థం పూర్తిగా తెలియకపోయినా తమ మాటే అనిపిస్తుంది. తెలుగు రాని వాళ్లకు అది కొత్త పేరు, అంతే.

మన దివిసీమ జాబితాలో ఆరు పేర్లు మిగిలాయనుకుందాం: అన్నపూర్ణ, మాగాణి, గాదె, కళ్లం, కుంచం, గరిశ. వడపోత ఇలా సాగుతుంది.

అన్నపూర్ణ వెంటనే పోతుంది. హోటళ్లు, మెస్‌లు, పిండి, నూనె, ఎన్నిటికో ఆ పేరుంది. నమోదు దొరకడం కష్టం, దొరికినా కొనేవాళ్లు గుర్తుపెట్టుకునేది మిమ్మల్ని కాదు.

మాగాణి వినడానికి బాగుంది. తడి నేల, వరి పండే నేల. కమిటీలో అందరికీ నచ్చుతుంది కూడా. కానీ వరి పండిన నేలలో వేసే మినుమును వ్యవసాయ శాఖ వాళ్లూ రైతులూ "మాగాణి మినుము" అనే పిలుస్తారు. అంటే మీ రెండో సరుకుకు అది మామూలు పేరే. మినప్పప్పు మీద ఆ మాట మాదేనని వాదిస్తే, ఇది సరుకును వర్ణించే మాటని అవతలి లాయరు ఒక్క వ్యవసాయ పుస్తకం చూపించి కొట్టేయగలడు. బియ్యానికి సరిపోయిన పేరు పప్పు దగ్గర బలహీనపడుతుంది. పేరును మీరు అమ్మబోయే ప్రతి సరుకు పక్కనా పెట్టి చూడాలని చెప్పేది ఇందుకే.

గాదె అంటే ధాన్యం నిలవ చేసే చోటు. చక్కని మాట. దాన్ని ఇంగ్లీష్ అక్షరాల్లో Gade అనో Gadhe అనో రాసి హిందీ వచ్చినవాళ్ల చేతికివ్వండి. వాళ్లు "గధే" అని చదివి నవ్వుతారు. గాడిదలు! హైదరాబాద్‌లో అమ్మబోయే సరుకుకు ఇది పనికిరాదు.

కళ్లం కూడా అంతే. నూర్పిళ్లు చేసే కళ్లం మనకు పచ్చటి జ్ఞాపకం. మలయాళంలో కళ్లం అంటే అబద్ధం, తమిళంలోనూ కపటమన్న అర్థం ఉంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఉండే అపార్ట్‌మెంట్లో ప్రతి అంతస్తులోనూ ఒక మలయాళీ కుటుంబం ఉంటుంది. "అబద్ధం బియ్యం" అని పిలిపించుకోవడం ఎందుకు?

కుంచం మీద నాకే మోజుండేది. కొలత, నిజాయితీ, ఇత్తడి కుంచం బొమ్మ, లోగో కూడా సిద్ధం. ఫోన్‌లో పరీక్షిస్తే బయటపడింది. రోడ్డు పక్క నిలబడి ఫోన్‌లో "కుంచం బియ్యం పంపమంటారా?" అని అడిగితే, అవతల నుంచి "కొంచెం కాదండీ, పది కిలోలు కావాలి" అన్నారు. ఒకరు కాదు, ముగ్గురు.

మిగిలింది గరిశ. కొందరు గరిసె అంటారు. ధాన్యం పోసుకునే పెద్ద గంప లేదా కొట్టు. పాతకాలంలో అదే ఒక కొలత కూడా, మద్రాసు ప్రాంతపు పాత ఇంగ్లీష్ లెక్కల్లో కనిపించే గార్స్ అనే కొలత పుట్టింది ఈ మాట నుంచే. ఇవాళ ఎవరూ గరిసెల లెక్కన అమ్మరు కాబట్టి, కొలతను చెప్పే మాటన్న అభ్యంతరం వచ్చినా జవాబివ్వడం తేలిక. బియ్యానికీ పప్పుకీ రెండింటికీ సరిపోతుంది. ఇంగ్లీష్‌లో Garise అని రాస్తే తెలుగు రానివాళ్లు "గరైజ్" అని చదువుతారు, అందుకని Garisa అని రాయాలి. తమిళులకు అందులో "అరిసి" వినిపిస్తుంది, అంటే బియ్యం. అది మనం వెతకని లాభం.

ఈ ఆరు పేర్లూ పద్ధతి చూపించడానికి తీసుకున్నవి. గరిశను ఇలాగే ఎత్తుకుపోయి సంచి మీద అచ్చు వేయకండి, కింద చెప్పిన వెతుకులాట దానికీ చేయాలి.

మనుషుల మీద పరీక్షించండి, "పేరు బాగుందా?" అని మాత్రం అడగొద్దు

బాగుందా అని అడిగితే బాగుందనే అంటారు, మొహమాటం మనవాళ్లకు ఎక్కువ. దానికి బదులు ఇలా చేయండి. ఒకే బియ్యాన్ని రెండు సాదా సంచుల్లో నింపి, ఒక్కోదానికి ఒక్కో పేరుతో లేబుల్ అంటించండి. పట్నంలో పన్నెండు మందికి చూపించి మూడు ప్రశ్నలు అడగండి. దీన్ని ఎవరు అమ్ముతున్నారనుకుంటున్నారు? కిలో ఎంత ఉండొచ్చు? పురుగొస్తే ఎవరికి ఫోన్ చేస్తారు? మొదటి ప్రశ్నకు "ఏదో మిల్లు" అని ఎక్కువమంది అంటే, పేరు గానీ దాని కింద వరుస గానీ పని చేయట్లేదని అర్థం. "స్టార్టప్ వాళ్లు" అన్నా అంతే. రైతులు, ఊరివాళ్లు అన్న మాట వాళ్ల నోటి నుంచి రావాలి.

తర్వాత సంచి దాచేసి, పేరును వాట్సాప్‌లో ఇంగ్లీష్ అక్షరాలతో టైప్ చేయమనండి. పన్నెండు మందిలో రెండు మూడు రకాల స్పెల్లింగులు వస్తే ఫర్వాలేదు. ఐదారు వస్తే మళ్లీ ఆర్డర్ పెట్టాలనుకున్నవాళ్లకు ఆన్‌లైన్‌లో మీరు దొరకరు. వాళ్లు రాసిన స్పెల్లింగులన్నీ ఒక కాగితం మీద ఉంచుకోండి, తర్వాతి పనిలో అవే కావాలి.

ట్రేడ్‌మార్క్ వెతుకులాట: కంపెనీ నమోదుకు ముందే

చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. ముందు కంపెనీ పేరు తెచ్చుకుంటారు, ఇక పేరు మనదే అనుకుంటారు. కంపెనీల రిజిస్ట్రార్ ఇచ్చిన పేరు ట్రేడ్‌మార్క్ హక్కు కాదు. అదే మాటతో వేరొకరికి బియ్యం మీద మార్కు ఉంటే, మీ కంపెనీ సర్టిఫికెట్ మిమ్మల్ని కాపాడదు.

ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్ ipindia.gov.in లో పబ్లిక్ సెర్చ్ ఉచితం. అందులో Wordmark తోనూ, ఉచ్చారణ పోలికను చూసే Phonetic తోనూ రెండు విధాలా వెతకాలి. ప్రతిసారీ ఒక క్లాస్ నంబర్ ఇవ్వాలి. బియ్యం 30వ క్లాసులోకి వస్తుంది. శుద్ధి చేసి ఎండబెట్టిన పప్పులను సాధారణంగా 29లో వేస్తారు, శుద్ధి చేయని గింజలు 31లోకి వస్తాయి. దుకాణం కూడా పెట్టే ఆలోచన ఉంటే 35 చూడండి. మన ఉదాహరణలో టైప్ చేయాల్సినవి ఇవి:

```
Garisa
Garise
Garisha
Gaarisa
Garissa
```

ఒక్కో స్పెల్లింగును 29, 30, 31 మూడింటిలోనూ చూడాలి. ఓ పూట పడుతుంది. ఫలితాల్లో పేరు కనిపించగానే కంగారు పడకండి, పక్కన ఉన్న స్టేటస్ చదవండి. Registered, Objected, Opposed అని ఉంటే అది బతికున్న దరఖాస్తు. Abandoned, Refused అని ఉంటే రిజిస్టర్‌లో అడ్డు తక్కువే, అయినా ఆ మనిషి ఇప్పటికీ ఆ పేరుతో అమ్ముతున్నాడేమో బజార్లో చూడాలి. మన దేశంలో నమోదు లేకపోయినా ముందు నుంచి వాడుతున్నవాడికి హక్కు ఉంటుంది. గంజ్‌లో ఇద్దరు హోల్‌సేల్ వ్యాపారులను అడగడం, ఆన్‌లైన్ షాపుల్లో వెతకడం ఈ పనిలో భాగమే.

కంపెనీ పేరు

చట్టం ప్రకారం పేరు చివర ప్రొడ్యూసర్ కంపెనీ లిమిటెడ్ అని ఉండాలి. కొత్త కంపెనీ అయితే www.mca.gov.in లో SPICe+ Part A ద్వారా పేరు అడుగుతారు. రుసుము 1,000 రూపాయలు, ఒకసారికి రెండు పేర్లు ఇవ్వొచ్చు. ఒప్పుకుంటే పేరును 20 రోజుల పాటు మీకోసం ఉంచుతారు, ఆలోపు మిగతా కాగితాలు వేయాలి. కాబట్టి సభ్యుల సంతకాలు, పాన్‌లు చేతికొచ్చాకే పేరు అడగండి.

పేరు తిప్పికొట్టడానికి ఎక్కువగా కనిపించే కారణం పోలిక. ఉన్న పేరుకు బహువచనం చేర్చినా, స్పెల్లింగ్ మార్చినా, మాటల మధ్య ఖాళీ తీసేసినా అది కొత్త పేరు కిందకు రాదు. ఊరి పేరు తగిలించినా అంతే. అంటే రైతు మిత్ర అన్న పేరుతో ఇప్పటికే ఒక కంపెనీ ఉంటే, "అవనిగడ్డ రైతు మిత్ర" అని అడిగినా ఇవ్వరు. నమోదైన ట్రేడ్‌మార్క్‌ను పోలిన పేరైతే ఆ మార్కు సొంతదారు అనుమతి కావాలి. ట్రేడ్‌మార్క్ ముందు వెతకమన్నది ఇందుకు కూడా. నేషనల్, బోర్డ్, కమిషన్ లాంటి మాటలకు ప్రభుత్వ అనుమతి ఉండాలి, అవి మీకు అవసరం లేదు కూడా.

నా సలహా ఏమిటంటే, కొత్త కంపెనీ అయితే బ్రాండ్ మాటనే కంపెనీ పేరులో మొదట పెట్టండి. మన ఉదాహరణలో "గరిశ దివిసీమ ఫార్మర్స్ ప్రొడ్యూసర్ కంపెనీ లిమిటెడ్" అవుతుంది. ముందు గరిశ చూసినవాళ్లు సంచి తిప్పగానే వెనక కూడా గరిశే కనిపిస్తుంది, పక్కనే దివిసీమ, పక్కనే ఫార్మర్స్. ఎవరూ ఏమీ వివరించనక్కర్లేదు.

కంపెనీ ఇప్పటికే మండలం పేరుతో ఉందా? మార్చకండి. ప్రత్యేక తీర్మానం, INC-24 ఫారం, ఆ తర్వాత పాన్, జీఎస్టీ, బ్యాంకు ఖాతా, అప్పు పత్రాలు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు, ఎరువుల లైసెన్సు అన్నిటిలో పేరు మార్చుకుంటూ ఓ సీజన్ గడిచిపోతుంది. పొడవాటి సంస్థ పేరు వెనక, చిన్న బ్రాండ్ పేరు ముందు పెట్టుకుని నిలదొక్కుకున్నవాళ్లు మన దగ్గరే ఉన్నారు. ముల్కనూరు మహిళా పాల సహకార యూనియన్ పూర్తి పేరు ఎంతమందికి తెలుసు? పాల ప్యాకెట్ మీద "స్వకృషి" అని ఉంటుంది, కొనేవాళ్లు అలాగే అడుగుతారు. అలాంటప్పుడు సంచి ముందు బ్రాండ్ కింద ఒక వరుస రాయండి: "గరిశ, అవనిగడ్డ మండలం రైతుల సొంత కంపెనీ బ్రాండ్". ఆ మండలం పేరు వెనక కంపెనీ పేరులో ఉంటే, ముందు మాటకు వెనక ఆధారం దొరికినట్టే.

మార్కు ఎవరి పేరు మీద?

కంపెనీ పేరు మీదే. ఇది ఒక్క వాక్యంతో వదిలేసే విషయం కాదు. కంపెనీ నమోదు ఆలస్యమవుతోందని చైర్మన్ తన పేరు మీద దరఖాస్తు వేయడం, తోడ్పడే సంస్థలో పనిచేసే కుర్రాడు తన లాగిన్‌తో తన పేరు మీదే వేసేయడం నేను చూశాను. మూడేళ్ల తర్వాత చైర్మన్ మారతాడు, బ్రాండ్‌కు పేరొచ్చి ఉంటుంది, అప్పుడు బదిలీ కోసం బతిమాలాలి. కంపెనీ సర్టిఫికెట్ రాగానే బోర్డులో తీర్మానం చేసి, TM-A దరఖాస్తును కంపెనీయే వేయాలి.

ఆన్‌లైన్‌లో ఒక క్లాసుకు రుసుము 9,000 రూపాయలు. చిన్న సంస్థలకు 4,500. దానికి ఆధారంగా ఉద్యమ్ నమోదు చూపిస్తారు, అది ఉచితం, కాబట్టి ముందు అది చేయించుకోండి. బియ్యానికి 30, పప్పుకు 29 అంటే రెండు క్లాసులు, 18,000 బదులు 9,000తో పోతుంది. లాయరు ఫీజు వేరు. డబ్బు ఒక్క మార్కుకే సరిపోతే లోగోకు కాకుండా ఇంగ్లీష్ అక్షరాల మాటకు వేయండి. లోగో రెండేళ్లకోసారి మారుతుంది, మాట మారదు. తెలుగు అక్షరాల రూపానికి వచ్చే ఏడాది వేయొచ్చు, దానికి ఉచ్చారణ, అర్థం ఇంగ్లీష్‌లో జతచేయాలి.

బ్రాండ్ నమోదు చేస్తే పన్ను పడుతుందని మిల్లర్లు భయపెడతారు. అది పాత మాట. 2022 జులై 18కి ముందు నమోదైన బ్రాండ్ బియ్యానికి, పప్పులకు జీఎస్టీ ఉండేది, అందుకే చాలామంది నమోదుకు దూరంగా ఉండేవాళ్లు. ఆ రోజు నుంచి లెక్క బ్రాండ్ మీద కాదు, లేబుల్ వేసిన ప్యాకెట్ మీద. 25 కిలోల దాకా ప్యాకెట్ అయితే బ్రాండ్ నమోదైనా కాకపోయినా 5 శాతం. బజార్లో 26 కిలోల బస్తాలు ఎందుకు కనిపిస్తున్నాయో ఇప్పుడర్థమై ఉంటుంది.

దరఖాస్తు నంబర్ రాగానే పేరు పక్కన ™ పెట్టుకోవచ్చు. ® మాత్రం నమోదు సర్టిఫికెట్ వచ్చాకే. ముందే పెట్టడం నేరం.

సంచి మీద పేర్ల వరుస

ముందు వైపు పైన గరిశ, తెలుగులోనూ ఇంగ్లీష్‌లోనూ. దాని కింద రైతుల వరుస. మధ్యలో సరుకు పేరు, రకం: "సాంబ మసూరి బియ్యం, బీపీటీ 5204". దాని కింద కోత ఎప్పుడు, మర ఎప్పుడు: "2024 డిసెంబరు కోత, 2025 ఆగస్టు మర". పాత బియ్యమా కొత్తవా అన్న అనుమానం ఈ ఒక్క వరుసతో తీరుతుంది, ఏ విశేషణమూ ఆ పని చేయలేదు. ఈ వరుస నిజంగా పాటించగలిగితేనే రాయండి. లాట్ల వారీగా ధాన్యం విడిగా పెట్టకపోతే రెండో నెలకే అబద్ధమవుతుంది.

వెనక వైపు కంపెనీ పూర్తి పేరు, ఊరి చిరునామా, పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్. ఆ నంబర్‌ను ఆన్‌లైన్‌లో కొట్టి చూసే కొనుగోలుదారులు ఉన్నారు. అక్కడ కనిపించే పేరు, సంచి మీద పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి.

మొదట చెప్పిన పెద్దావిడ పట్టుకున్నది ఇక్కడే. మీకు సొంత మర లేక బయటి మిల్లులో ఆడించి అక్కడే నింపిస్తే, ప్యాకర్‌గా ఆ మిల్లు పేరు రాయాలి, మార్కెటింగ్ చేసేవారిగా మీ పేరు వస్తుంది. తప్పు కాదు, కానీ చదివినవాళ్లకు రైతుల మాట మీద అనుమానం కలుగుతుంది. బియ్యం మిల్లులో ఆడించినా, సంచుల్లో నింపే పని మీ గోదాములో పెట్టుకోండి. ఒక తూకం మిషను, సీలింగ్ మిషను, దానికి లైసెన్సు ఉంటే ప్యాకర్ మీరే అవుతారు.

ప్రింటింగ్‌కు తొందరపడకండి

రంగుల ప్లాస్టిక్ సంచులకు ఒక్కో రంగుకు ఒక్కో సిలిండర్ చేయించాలి, వేల సంచులు ఒకేసారి తీసుకోవాలి. మేం ఒకసారి దరఖాస్తు వేసిన వారంలోనే ప్రింట్‌కు ఇచ్చేశాం. ఆ పేరుకు దగ్గర పేరుతో పదేళ్లుగా పప్పు అమ్ముతున్న ఒక వ్యాపారి నుంచి లాయరు నోటీసు వచ్చింది. మిగిలిపోయిన సంచులను సభ్యులు ఇళ్లలో విత్తనాలు దాచుకోవడానికి వాడుకున్నారు. మొదటి సీజన్ సాదా సంచి, దాని మీద స్టిక్కర్, అంతే చాలు. మీ దరఖాస్తు మీద ట్రేడ్‌మార్క్ పరీక్షాధికారి ఇచ్చే నివేదిక చూశాకే సిలిండర్లకు డబ్బు కట్టండి.

ఆ నివేదికలో అభ్యంతరం ఉంటే, అందిన 30 రోజుల్లో జవాబివ్వాలి. అది దాటాక మార్కు జర్నల్‌లో వస్తుంది, అప్పటి నుంచి నాలుగు నెలల్లోపు ఎవరైనా వ్యతిరేకించొచ్చు. ఎవరూ అడ్డు రాకపోతే నమోదవుతుంది, పదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఈ నోటీసులన్నీ వచ్చేది దరఖాస్తులో ఇచ్చిన ఈమెయిల్‌కే. అక్కడ ఉద్యోగి సొంత ఈమెయిల్ ఇస్తే, అతను ఉద్యోగం మానేసిన రోజు నుంచి ఆ ఉత్తరాలు చదివేవాళ్లే ఉండరు. కంపెనీ పేరు మీద ఒక ఈమెయిల్ తెరిచి, పాస్‌వర్డ్ సీఈఓ దగ్గరా, ఇంకో డైరెక్టర్ దగ్గరా ఉంచండి. నెలకోసారి బోర్డు మీటింగులో దరఖాస్తు నంబర్ కొట్టి, స్టేటస్ ఏముందో చదివి మినిట్స్‌లో రాయించండి.